తెల్ల చొక్కాకి రంగు మార్చినా మడతల నీడలు పోకుండా: మల్టిప్లై ఎక్కడ, కలర్ మోడ్ ఎక్కడ

ప్రశ్న: అన్నా, ఎంగేజ్‌మెంట్ ఫొటోలో పెళ్లికొడుకు తెల్ల చొక్కాని మెరూన్ చేయమన్నారు. పక్కనున్న అమ్మాయి క్రీమ్ కలర్ గౌనుని బ్లూ చేయమన్నారు. కలర్ మోడ్ పెడితే లేత గులాబీ మరకలా వస్తోంది. మల్టిప్లై పెడితే మడతలు కనబడక అట్టముక్క అతికించినట్టు ఉంది. నీడలు పోకుండా ఎలా చేయాలి?

సమాధానం:

తమ్ముడూ, నువ్వు వాడిన రెండు మోడ్‌లూ సరైనవే. విడివిడిగా వాడావు, అదే చిక్కు. చొక్కాకి ముందు కర్వ్స్‌తో మడతల్ని కాస్త ముదురు చెయ్యి, దాని మీద మల్టిప్లైలో మెరూన్ వెయ్యి, ఆ పైన అదే మెరూన్‌ని కలర్ మోడ్‌లో 30 శాతం ఒపాసిటీతో పెట్టు. గౌనుకి వీటన్నిటి కంటే ముందు ఆ క్రీమ్ చాయని తీసెయ్యాలి. పని ఇంతే. కానీ ఎందుకిలా అన్నది తెలియకపోతే రేపు ఇంకో చొక్కా వచ్చినప్పుడు మళ్లీ ఇక్కడే ఆగిపోతావు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. నేను చెప్పేది ఫొటోషాప్‌లో. ఫొటోపియాలో కూడా దాదాపు ఇవే పేర్లు, ఇవే లెక్కలు.

ముందు ఒక మాట. తెల్ల చొక్కాని ఫొటో తీశామంటే నిజానికి ఆ చొక్కా మీద పడిన వెలుతురుని ఫొటో తీసినట్టే. బట్టకి సొంత రంగు లేదు కాబట్టి ఎక్కడ ఎంత లైటు పడిందో అంతే కనబడుతుంది. భుజం మీద ఎక్కువ, మడత లోపల తక్కువ, చంక కింద ఇంకా తక్కువ. నీ దగ్గరున్నది వెలుగునీడల పటం. దానికి రంగు అద్దాలంతే. అద్దకంలో రంగు నూలులోకి ఇంకుతుంది గానీ దాన్ని కప్పెయ్యదు. మల్టిప్లై చేసేది అదే. నార్మల్ మోడ్‌లో రంగు వెయ్యడమంటే గోడకి సున్నం కొట్టడం, కింద ఉన్నది ఏదీ కనబడదు.

మల్టిప్లై లెక్క చాలా చిన్నది. కింద ఉన్న విలువని పైన వేసిన విలువతో గుణించి 255తో భాగిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానళ్లకీ విడివిడిగా ఇలా చేస్తుంది. నీ ఫొటో నా దగ్గర లేదు కాబట్టి ఇలాంటి చొక్కాల్లో మామూలుగా కనబడే అంకెలతో చెప్తా. F8 నొక్కితే ఇన్ఫో ప్యానెల్ వస్తుంది. మౌస్‌ని భుజం మీద పెడితే మూడు చానళ్లలోనూ 243 చుట్టుపక్కల, పొట్ట దగ్గర మడతలో 150, చంక కింద 96 ఉన్నాయనుకుందాం. మెరూన్‌గా 128, 24, 44 తీసుకున్నాం. భుజం దగ్గర, మడత దగ్గర ఎరుపు చానల్‌లో జరిగేది ఇది:

```
243 × 128 ÷ 255 = 122
150 × 128 ÷ 255 = 75
```

243కీ 150కీ ఉన్న నిష్పత్తే 122కీ 75కీ ఉంది. అంటే మల్టిప్లై మడతని చెరపలేదు, నిష్పత్తిని ఉన్నదున్నట్టు ఉంచింది. మరి నీకు అట్టముక్కలా ఎందుకు కనబడింది? దానికి వస్తాను. ముందు గులాబీ మరక సంగతి చూద్దాం, అది తేలిక.

కలర్ మోడ్ పని వేరు. పైన వేసిన రంగు నుంచి రంగునీ దాని గాఢతనీ మాత్రమే తీసుకుంటుంది, వెలుగు ఎంత అన్నది కింద ఉన్న ఫొటో నుంచే తీసుకుంటుంది. భుజం దగ్గర వెలుగు 243. అంత వెలుగులో మెరూన్ అనేది ఉండదు. మెరూన్ అంటేనే ముదురు, దాని సొంత వెలుగు 57 దగ్గర ఉంటుంది. అంత వెలుగునీ ఉంచాలి, ఎరుపునీ ఇవ్వాలి అంటే ప్రోగ్రామ్ చేయగలిగింది ఒక్కటే, ఎరుపుని దాదాపు పూర్తిగా పలచన చెయ్యడం. లెక్క కడితే భుజం 255, 237, 241 అవుతుంది. పాలలో ఒక్క చుక్క రూహ్ అఫ్జా వేసినట్టు. అదే మడతలో వెలుగు 150 కాబట్టి అక్కడ రంగుకి చోటుంది, 221, 117, 137 వస్తుంది. అది బాగా కనబడే గులాబీ. పైభాగాలు తెల్లగా, మడతల్లో మాత్రం గులాబీ. ఉతికేటప్పుడు పక్క బట్ట రంగు దిగి మడతల్లో నిలిచిపోతే ఎలా ఉంటుందో అలా. నువ్వు మరక అన్నది ఇదే. పూర్తి తెలుపు, అంటే 255 ఉన్న చోట కలర్ మోడ్ అసలేమీ చెయ్యదు.

అందుకని గుర్తు ఏమిటంటే, చెయ్యాల్సిన రంగు ఇప్పుడున్న బట్టంత వెలుగులోనే ఉంటే కలర్ మోడ్ ఒక్కటే చాలు. తెల్ల చొక్కాని లేత గులాబీ చెయ్యాలన్నా, క్రీమ్ గౌనుని లేత పిస్తా చెయ్యాలన్నా నేను కలర్ మోడ్ తప్ప ఇంకేమీ ముట్టుకోను. చెయ్యాల్సిన రంగు ముదురైతే వెలుగు తగ్గించే పని ఎవరో ఒకరు చెయ్యాలి, ఆ ఎవరో మల్టిప్లై.

ఇప్పుడు అట్టముక్క. దీనికి నేను చూసిన కారణాలు మూడు. నీది మూడోది అని నా అనుమానం, కానీ మొదటి రెండూ కూడా సరిచూసుకో.

మొదటిది గ్రూప్. లేయర్లన్నీ ఒక గ్రూప్‌లో పెట్టి ఆ గ్రూప్‌కి మాస్క్ వేస్తాం కదా. గ్రూప్ బ్లెండ్ మోడ్ మామూలుగా `Pass Through` అని ఉంటుంది. పొరపాటున అది `Normal` అయిందంటే లోపల ఉన్న మల్టిప్లైకి కింద ఫొటో కనబడదు, గుణించడానికి ఏమీ ఉండదు. అప్పుడది ఉత్త పెయింట్. మడత ఒక్కటీ లేకుండా చదునుగా మెరూన్ వస్తే ముందు చూడాల్సింది ఇదే. రెండు సెకన్ల పని, కానీ దీని వల్ల ఒక రాత్రంతా కూర్చున్నవాణ్ని నేను.

రెండోది ఎంచుకున్న రంగు. కలర్ పికర్‌లో చతురస్రం కుడి అంచుకి లాగి నిఖార్సైన ఎరుపు తీసుకుంటే అందులో ఆకుపచ్చ, నీలం రెండూ సున్నా. సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే. అంటే మడతల సమాచారం మూడు చానళ్లలో రెండిట్లో పూర్తిగా పోయింది, మిగిలింది ఎరుపు చానల్ ఒక్కటే. మన కన్ను వెలుగు తేడాని ఎక్కువగా పట్టేది ఆకుపచ్చ చానల్‌లో. అది పోతే బట్ట చచ్చినట్టు ఉంటుంది. అందుకే నేను 128, 0, 32 కాకుండా 128, 24, 44 తీసుకున్నాను. ఏ చానల్‌నీ 20 కంటే కిందికి పోనివ్వను. నిజమైన బట్ట ఏదీ అంత నిఖార్సుగా ఉండదు కూడా. నీకు నమ్మకం లేకపోతే ఒక మెరూన్ చొక్కాని పగటి వెలుతురులో ఫొటో తీసి ఐడ్రాపర్‌తో చూడు.

మూడోదే అసలు సంగతి. నిష్పత్తి మారలేదు గానీ తేడా తగ్గింది. చొక్కా తెల్లగా ఉన్నప్పుడు భుజానికీ మడతకీ మధ్య 93 మెట్ల తేడా ఉండేది. మెరూన్ అయ్యాక వెలుగు లెక్కలో భుజం 55, మడత 34, తేడా 21. ముదురు బట్ట కాబట్టి కొంత తగ్గడం న్యాయమే, అయినా ఇది మరీ తక్కువ. ఎందుకు తక్కువంటే, తెల్ల బట్ట మడతలు అసలే లేతగా ఉంటాయి. తెల్ల బట్టలో మడత లోపలికి పోయిన లైటు ఒక గోడకి తగిలి ఎదుటి గోడ మీద పడుతుంది, అక్కణ్నుంచి మళ్లీ ఇటు. తెలుపు చాలా లైటుని తిప్పి కొడుతుంది కాబట్టి మడత లోపలే వెలుగు నిండిపోతుంది. మెరూన్ బట్టలో అలా జరగదు. మొదటి తాకిడికే లైటు చాలా భాగం బట్టలో ఇంకిపోతుంది. అందుకే అదే కుట్టు, అదే మడత ఉన్నా నిజమైన మెరూన్ చొక్కాలో నీడలు ఇంకా లోతుగా ఉంటాయి. మల్టిప్లైకి ఇదంతా తెలియదు. తెల్ల చొక్కా నీడల్నే మెరూన్ చొక్కాకి తొడుగుతుంది. చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఏమిటో చెప్పలేరు.

కాబట్టి రంగు వెయ్యకముందే నీడల్ని మెరూన్ బట్టకి తగ్గట్టు లోతు చెయ్యాలి. ఇక పని మొదలుపెడదాం.

చొక్కాకి మాస్క్ చేసుకో, దాని గురించి కింద విడిగా రాశాను. గ్రూప్ పెట్టి మాస్క్ దానికే వెయ్యి, మోడ్ `Pass Through`. గ్రూప్‌లో అన్నిటి కంటే కింద ఒక కర్వ్స్ లేయర్. గీత మీద రెండు చుక్కలు చాలు. ఒకటి ఇన్‌పుట్ 243 దగ్గర, దాన్ని 248కి లేపు. రెండోది 150 దగ్గర, దాన్ని 112కి దించు. చొక్కా ఇప్పుడు ఇంకా తెల్లదే, కానీ ఎండలో నిలబడ్డట్టు మడతలు గట్టిగా కనబడతాయి. ఈ దశలో కొంచెం అతిగా ఉందే అనిపిస్తుంది. అనిపించాలి. రంగు పడ్డాక అదే సరిపోతుంది.

కర్వ్స్ మీద `Solid Color` ఫిల్ లేయర్, 128, 24, 44, మోడ్ మల్టిప్లై. బ్రష్‌తో రంగు పుయ్యకుండా ఫిల్ లేయరే పెట్టు. రేపు వాళ్లు ఫోన్ చేసి "మెరూన్ కాదండీ, వైన్ కలర్" అంటారు. డబుల్ క్లిక్ చేసి రంగు మార్చితే అయిపోతుంది. ఇప్పుడు ఎరుపు చానల్‌లో భుజం 124, మడత 56. వెలుగు తేడా 21 నుంచి 30కి పెరిగింది. అంకెల్లో చిన్నదే, స్క్రీన్ మీద చూస్తే చొక్కాకి ఒళ్లు వచ్చినట్టు ఉంటుంది.

ఇక్కడితో ఆపినా తప్పు లేదు, చాలామంది ఆపేస్తారు. కానీ జూమ్ చేసి మడత లోపల చూడు. అక్కడ రంగు 56, 11, 19. ముదురుగా ఉంది గానీ కొంచెం నిర్జీవంగా, మసి రాసినట్టు ఉంటుంది. నిజమైన మెరూన్ బట్ట మడతలో అలా ఉండదు. ఇందాక చెప్పిన లైటే కారణం. మెరూన్ మడతలోకి పోయిన కొద్దిపాటి లైటు రెండుసార్లు మెరూన్‌కి తగిలి వస్తుంది, అంటే రెండుసార్లు అద్దకం పడినట్టు. వెలుగు తగ్గుతుంది, ఎరుపు మాత్రం చిక్కబడుతుంది. పట్టుచీర కుచ్చిళ్ల మధ్యలోకి చూస్తే పైభాగం కంటే లోపల రంగు చిక్కగా కనబడేది ఇందుకే.

ఇప్పుడు కలర్ మోడ్ పనికొస్తుంది. మల్టిప్లై లేయర్‌ని Ctrl+J తో కాపీ చేసి, మోడ్ కలర్‌కి మార్చి, ఒపాసిటీ 30 శాతానికి దించు. భుజం మీద వెలుగు ఇప్పుడు మెరూన్ సొంత వెలుగుకి దగ్గరగానే ఉంది కాబట్టి అక్కడ దాదాపు ఏమీ మారదు, 124 కాస్తా 125 అవుతుందేమో. మడతలో మాత్రం 56, 11, 19 కాస్తా 63, 8, 18 అవుతుంది. వెలుగు మారలేదు, రంగు చిక్కబడింది. నువ్వు మాస్క్ చెయ్యకుండానే తనంతట తాను మడతల్ని వెతుక్కుని అక్కడే పని చేస్తుంది.

మరి 100 శాతం ఎందుకు పెట్టకూడదు? పెట్టి చూడు. మడతలో ఎరుపు 79కి పోతుంది, ఆకుపచ్చ సున్నా అవుతుంది. నీడలో ఉన్న చోటే రంగు వెలిగిపోతూ ఉంటుంది, మడతల్లో చిన్న ఎర్ర సీరియల్ లైట్లు పెట్టినట్టు. నూలుకి 20 నుంచి 30, పట్టుకీ శాటిన్‌కీ 40 దాకా నేను పోతాను. ఆపైన పోలేదు.

ఈ పై లేయర్ వల్ల ఇంకో లాభం ఉంది. తెల్ల చొక్కా నీడలు ఎప్పుడూ బూడిద రంగులోనే ఉండవు. ఆరుబయట తీస్తే ఆకాశం నీలం నీడల్లో ఉంటుంది, ఫంక్షన్ హాల్లో తీస్తే డెకరేషన్ లైట్ల ఊదా, పచ్చ ఉంటాయి. మల్టిప్లై వాటిని కూడా నమ్మకంగా గుణిస్తుంది, మెరూన్ మడతలో ఊదా జాడ కనబడుతుంది. కలర్ లేయర్ దాన్ని కొంత సర్దుతుంది. పూర్తిగా తీసెయ్యకు. హాలు లైటు మనిషి ముఖం మీదా ఉంది, చొక్కా మీద ఒక్కదాని మీదే లేకపోతే వేరే ఫొటోలోంచి తెచ్చి అతికించినట్టు ఉంటుంది.

ఇక తెల్ల చొక్కాతో ఎవరూ తప్పించుకోలేని ఇబ్బంది ఫ్లాష్ కొట్టిన చోటు. ఇన్ఫో ప్యానెల్‌లో 255, 255, 255 కనబడితే అక్కడ మడతల సమాచారం ఫొటోలోనే లేదు. తెల్లగా ఉన్నప్పుడు అది ఎవరికీ కనబడలేదు, మెరూన్ వేశాక అరచేయంత చదును మచ్చగా తేలుతుంది. రా ఫైల్ ఉంటే కెమెరా రాలో హైలైట్స్ బాగా తగ్గించి మళ్లీ తెరువు, చాలాసార్లు మడతలు తిరిగొస్తాయి. జేపెగ్ ఒక్కటే ఉంటే అదే చొక్కాలో ఇంకో చోటునుంచి మడతల్ని క్లోన్ చేసి తేవాలి, లేదా మెత్తటి బ్రష్‌తో 5 శాతం ఫ్లోలో బూడిద రంగు నీడ గియ్యాలి. ఏ బ్లెండ్ మోడూ లేని మడతని పుట్టించదు. వాట్సాప్‌లో పంపిన ఫొటో మీద అయితే అసలు మొదలుపెట్టకు, ఒరిజినల్ అడుగు. తెలుపులో దాక్కున్న జేపెగ్ గడులన్నీ కర్వ్స్ వెయ్యగానే మడతల్లో చదరాలుగా బయటికొస్తాయి.

చొక్కా శాటిన్‌దో పట్టుదో అయితే ఒక మెట్టు ఎక్కువ. మెరిసే బట్ట మీద కనబడే నిగనిగ బట్ట రంగు కాదు, లైటు నేరుగా అద్దంలోలా తిరిగి రావడం. మెరూన్ శాటిన్ మీద కూడా ఆ మెరుపు తెల్లగానే ఉంటుంది. మల్టిప్లై దాన్ని కూడా మెరూన్ చేసేసి పట్టుని పాప్లిన్ చేస్తుంది. ఒరిజినల్ చొక్కాని కాపీ చేసి గ్రూప్‌లో అన్నిటి పైన పెట్టు. Ctrl+L నొక్కి లెవెల్స్‌లో నలుపు స్లైడర్‌ని 215 దాకా లాగితే మెరుపులు తప్ప మిగతాదంతా నల్లబడుతుంది. మోడ్ స్క్రీన్, ఒపాసిటీ 25 శాతం. స్క్రీన్‌లో నలుపు కనబడదు, మెరుపులు మాత్రం తిరిగొస్తాయి. మామూలు నూలు చొక్కాకి ఇది చెయ్యకు, పౌడర్ ఒలికినట్టు ఉంటుంది.

మాస్క్ గురించి. చొక్కా నుంచి మెడనీ చేతుల్నీ వేరు చెయ్యడానికి నీలం చానల్ బాగా సాయపడుతుంది. మన చర్మంలో నీలం తక్కువ కాబట్టి ఆ చానల్‌లో మెడ ముదురుగా, కాలర్ తెల్లగా కనబడతాయి. ఆ చానల్‌ని కాపీ చేసి లెవెల్స్‌తో గట్టి చేస్తే అంచు దానంతటదే వస్తుంది. కానీ ఒకటి మర్చిపోకు. అదే చానల్‌లో చొక్కా మడతలు కూడా బూడిద రంగులో ఉంటాయి. అలాగే మాస్క్‌గా వాడితే మడతల్లో రంగు సగమే పడుతుంది. ముదురుగా ఉండాల్సిన మడత బూడిద రంగులో తెల్లబారి కనబడితే కారణం ఇదే, బ్లెండ్ మోడ్‌ని అనుమానించకు. మాస్క్ లోపలి భాగమంతా తెల్ల బ్రష్‌తో నింపెయ్యి, చానల్ ఇచ్చిన అంచుని మాత్రం ఉంచుకో.

అంచులో తెల్లటి గీత మిగిలితే మాస్క్‌ని ఒక పిక్సెల్ బయటికి జరుపు. వెనక కర్టెన్ ముదురుగా ఉంటే ఆ పిక్సెల్ మీద మల్టిప్లై పడినా ఎవరికీ తెలియదు. వెనక తెల్ల పూల డెకరేషన్ ఉంటే మాత్రం అలా కుదరదు, పెన్ టూల్ పట్టాల్సిందే. గుండీలు మాస్క్ నుంచి తీసెయ్యి, లేదా వాటికి వేరే రంగు ఇవ్వు. గడ్డం కింద కూడా ఒకసారి చూడు. తెల్ల చొక్కా నుంచి ఎగిసిన వెలుగు అక్కడ ఉంటుంది, మెరూన్ చొక్కా అంత వెలుగు పంపదు. మెత్తటి బ్రష్‌తో అక్కడ కొద్దిగా ముదురు చేస్తే తల చొక్కా మీద సరిగ్గా కూర్చుంటుంది.

ఇప్పుడు గౌను. క్రీమ్ అంటే తెలుపులోంచి కొంత నీలం తగ్గించిన రంగు. ఇన్ఫో ప్యానెల్‌లో 240, 226, 196 లాంటి అంకెలు కనబడతాయి, మూడోది తక్కువ. నువ్వు వెయ్యబోయేది బ్లూ, అంటే మూడో చానల్ మీదే ఆధారపడ్డ రంగు. 50, 80, 160 ని నేరుగా మల్టిప్లై చేస్తే 47, 71, 123 వస్తుంది. కోరిన నీలంలో దాదాపు పాతిక శాతం పోయింది. మడతలో ఇంకా ఘోరం. 165, 150, 120 ఉన్న చోట 32, 47, 75 వస్తుంది. పదిసార్లు ఉతికిన స్కూల్ యూనిఫాంలా, పచ్చ వైపు జారిన వెలిసిన నీలం. రంగుని ఇంకా గాఢంగా తీసుకుని దీన్ని సరిచెయ్యాలని చూస్తారు. అప్పుడు పైభాగాలు అతి నీలంగా, మడతలు అలాగే మురికిగా ఉంటాయి. ఎందుకంటే క్రీమ్ బట్ట మడతల్లో ఇందాక చెప్పిన రెండుసార్ల అద్దకం అప్పటికే జరిగిపోయింది, అక్కడ పసుపు పైభాగం కంటే చిక్కగా ఉంది.

కాబట్టి గ్రూప్‌లో కర్వ్స్ కంటే కింద ఒక `Black & White` అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టు. గౌను బూడిద తెలుపు అవుతుంది. హ్యూ/శాచురేషన్‌లో శాచురేషన్‌ని -100కి లాగినా పసుపు పోతుంది, కానీ వెలుగు మీద పట్టు ఉండదు. బ్లాక్ అండ్ వైట్‌లో `Reds`, `Yellows` స్లైడర్లు చేతిలో ఉంటాయి. అవి రెండూ పెంచితే క్రీమ్ తెల్లబడుతుంది, తగ్గిస్తే బట్టలో పసుపు చిక్కగా ఉన్న చోట్లు, అంటే మడతలు, మిగతా వాటి కంటే ఎక్కువ ముదురుతాయి. పైభాగం 228 దగ్గర, మడత 150 దగ్గర ఉండేలా చూసుకో. అంటే గౌనుని మళ్లీ తెల్ల చొక్కా చేశావన్నమాట. ఆపైన కర్వ్స్, మల్టిప్లై, కలర్ 30 శాతం, అంతా మామూలే. పైభాగంలో నీలం ఇప్పుడు 143 వస్తుంది.

గౌనుకి జరీ అంచో బంగారు పూసలో ఉంటే బ్లాక్ అండ్ వైట్ వాటిని కూడా బూడిద చేస్తుంది. వాటిని గ్రూప్ మాస్క్‌లోంచే తీసెయ్యి. ఆ అమ్మాయి తరఫువాళ్లు రేపు బ్లూ వద్దు, మస్టర్డ్ చెయ్యమంటే ఈ బ్లాక్ అండ్ వైట్ లేయర్ కన్ను మూసెయ్. పసుపు, తుప్పు రంగు, గోధుమ రంగు వీటికి క్రీమ్ అడ్డు కాదు, పైగా మేలు చేస్తుంది.

ఆఖరికి ప్రింట్ సంగతి. కొత్తలో ఒక ఆల్బమ్‌లో ఆరుగురి తెల్ల చొక్కాల్ని బాటిల్ గ్రీన్ చేసిచ్చాను. నా మానిటర్‌లో ప్రతి మడతా కనబడింది. ల్యాబ్ నుంచి షీట్లు వచ్చాక చూస్తే ఆరుగురూ ఒకే గుడ్డ కప్పుకున్నట్టు ఉన్నారు. మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్లో పెట్టి పనిచేశాను, కాగితం అంత వెలగదు కదా. మళ్లీ ప్రింట్ ఖర్చు నా జేబులోంచే పోయింది. అప్పట్నుంచి ముదురు రంగు వేసినప్పుడల్లా బ్రైట్‌నెస్ సగానికి దించి ఒకసారి చూస్తాను. ఇన్ఫో ప్యానెల్‌లో అన్నిటి కంటే లోతైన మడతలో, నీ చొక్కాకైతే చంక కింద, పెద్ద చానల్ విలువ 30 కంటే తగ్గకుండా చూసుకుంటాను. తగ్గితే కర్వ్స్‌లో కింది మూల దగ్గర ఇంకో చుక్క పెట్టి కొంచెం పైకి లేపుతాను. నీది ఇన్‌స్టాకే అయితే దీని గురించి టెన్షన్ అక్కర్లేదు, ఆల్బమ్‌కైతే మొత్తం ఇచ్చే ముందు ఒక్క 4×6 ప్రింట్ తీయించి చూడు.